మిల్‌గ్రామ్ లాంటి ప్రయోగానికి ఎథిక్స్ కమిటీ అనుమతి ఎలా తెచ్చుకోవాలి

సైకాలజీ చదివేవాళ్ల నుంచి ఒకే ప్రశ్న పదే పదే వస్తోంది: "మిల్‌గ్రామ్ షాక్ ప్రయోగాన్ని ఇప్పుడు మళ్లీ చేయొచ్చా? స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం సంగతేంటి? కమిటీ ఒప్పుకుంటుందా?" ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఉన్నదున్నట్టుగా చేయలేరు. కానీ పైవాడు చెబితే మనిషి ఎంతదాకా వెళ్తాడు అనే ప్రశ్నను ఇవాళ కూడా ల్యాబులో అడగొచ్చు. 2006లో కాలిఫోర్నియాలోని శాంటా క్లారా యూనివర్సిటీలో జెర్రీ బర్గర్ అడిగారు. 2009లో ఫలితాలు అచ్చయ్యాయి. కాబట్టి అసలు ప్రశ్న చేయొచ్చా లేదా అన్నది కాదు, ఏమేం మారిస్తే చేయొచ్చు అన్నది.

ఇది ఆ అప్లికేషన్ రాసేవాళ్ల కోసం. పాత ప్రయోగాలు రెండూ అమెరికాలోవి, వాటి తర్వాత వచ్చిన నియమాలూ అక్కడివే. అందుకే ఇక్కడ అమెరికా రివ్యూ బోర్డుల పద్ధతినే, అంటే ఐఆర్‌బీ పద్ధతినే పట్టుకున్నాను.

ముందు చేతిలో ఉండాల్సినవి

- వచ్చినవాళ్లు తలుపు తీసి లోపలికి అడుగుపెట్టిన దగ్గర్నుంచి బయటికి వెళ్లేదాకా ఏం జరుగుతుందో చెప్పే స్క్రిప్టు. ప్రయోగం నడిపే వ్యక్తి పలికే ప్రతి మాటా అందులో ఉండాలి.
- సమ్మతి పత్రం, ప్రయోగం అయ్యాక నిజం చెప్పే డీబ్రీఫింగ్ పాఠం. రెండూ పూర్తిగా రాసినవి, చిత్తుప్రతులు కాదు.
- మీ ఫలితాలతో ఏ లాభమూ లేని ఒక క్లినికల్ సైకాలజిస్టు.
- రిహార్సల్‌కు ఒప్పుకునే ఇద్దరు ముగ్గురు సహోద్యోగులు.
- ఓపిక. మోసం, ఒత్తిడి రెండూ ఉన్న ప్రయోగాన్ని ఒక్కరే చూసి సంతకం పెట్టరు. కమిటీ మొత్తం కూర్చుని చూస్తుంది, కనీసం ఒక్కసారైనా సవరణలు అడుగుతుంది.

రెండు ప్రయోగాలు, క్లుప్తంగా

1961 ఆగస్టు నుంచి 1962 మే దాకా యేల్ యూనివర్సిటీలో స్టాన్లీ మిల్‌గ్రామ్ చేసింది ఇది. జ్ఞాపకశక్తి మీద పరిశోధన అని ప్రకటన ఇచ్చి, గంటకు 4 డాలర్లు, దారి ఖర్చుకు 50 సెంట్లు ఇస్తామని మనుషుల్ని పిలిచారు. వచ్చినవాళ్లు 'టీచర్'. పక్క గదిలో ఉన్న 'లెర్నర్' తప్పు చెప్పిన ప్రతిసారీ షాకు 15 వోల్టులు పెంచాలి. మొత్తం 30 స్విచ్చులు, చివరిది 450 వోల్టులు. షాకులు నిజం కాదు, లెర్నర్ నటిస్తున్నాడు. ఆ సంగతి టీచర్‌కు తెలియదు. 1963లో అచ్చయిన మొదటి పత్రం ప్రకారం 40 మంది మగవాళ్లలో 26 మంది చివరి స్విచ్ దాకా వెళ్లారు.

1971 ఆగస్టులో ఫిలిప్ జింబార్డో స్టాన్‌ఫర్డ్ సైకాలజీ విభాగం బేస్‌మెంట్‌లో ఒక జైలు కట్టారు. రోజుకు 15 డాలర్ల మీద వచ్చిన యువకుల్లో కొందరిని ఖైదీలుగా, కొందరిని గార్డులుగా పెట్టారు. రెండు వారాలు అనుకున్నది ఆరు రోజుల్లో ఆగిపోయింది.

ఇక పనిలోకి వెళ్దాం.

1. పాత ప్రయోగాల్లో "వద్దు" అన్నవాళ్లకి ఏమైందో రాసుకోండి

చాలామంది అప్లికేషన్‌లో మొదటి పేజీని "పాత ప్రయోగాల్లో మోసం జరిగింది, ఒత్తిడి కలిగింది" అని జాబితాతో నింపుతారు. దాని వల్ల మీ డిజైన్‌లో ఒక్క అక్షరం కూడా మారదు. దాని బదులు ఒకే ప్రశ్న పట్టుకోండి: ఒక మనిషి ఆపేయాలనుకున్నప్పుడు, ఆ తర్వాతి నిమిషంలో ఏం జరిగింది?

యేల్‌లో జరిగింది చూడండి. టీచర్ వెనకాడితే ప్రయోగం నడిపే వ్యక్తి వరసగా నాలుగు మాటలు అనాలి. మొదటిది "దయచేసి కొనసాగించండి". రెండోది "ప్రయోగానికి మీరు కొనసాగించడం అవసరం". మూడోది "మీరు కొనసాగించడం అత్యవసరం". నాలుగోది "మీకు వేరే దారి లేదు, కొనసాగించి తీరాలి". నాలుగూ అయ్యాక కూడా ఒప్పుకోకపోతేనే ఆపుతారు. అంటే వచ్చిన మనిషి ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ కాదనాలి. పైగా యేల్‌లో దాచిన ఆడియో టేపులు తర్వాతి కాలంలో విన్న పరిశోధకులు, కొందరి విషయంలో ఈ నాలుగు మాటలకు మించి కూడా పట్టుబట్టారని చూపించారు.

ఇంకొకటి గమనించండి. డబ్బు మీదే, ల్యాబుకు వచ్చినందుకే ఇస్తున్నాం, తర్వాత ఏం జరిగినా మీదే అని మిల్‌గ్రామ్ వాళ్లకు ముందే చెప్పించారు. డబ్బు విషయంలో తలుపు తెరిచే ఉంది. కానీ "ఎప్పుడైనా లేచి వెళ్లిపోవచ్చు" అన్న మాట మాత్రం ఎవరూ చెప్పలేదు. ఈ రెండూ వేరు. మీ ఫారంలో కూడా వేరువేరుగానే ఉండాలి.

స్టాన్‌ఫర్డ్‌లో పరిస్థితి ఇంకా ఘోరం. 8612 నంబరు ఖైదీ వదిలేయమని అడిగితే, లోపలే ఉండి తోటివాళ్ల కబుర్లు చేరవేస్తే గార్డులు నిన్ను వేధించకుండా చూస్తాం అని బేరం పెట్టారు. అతను లోపలికి తిరిగివెళ్లి మిగతావాళ్లతో "ఇక్కడి నుంచి వెళ్లలేం, మానేయలేం" అన్నాడు. ఆ మాట అందరూ నమ్మారు. తర్వాత ప్రయోగంలో భాగంగానే పెట్టిన పెరోల్ బోర్డు ముందు, ఇప్పటిదాకా వచ్చిన డబ్బు వదులుకుంటారా అని అడిగితే ఎక్కువమంది వదులుకుంటామన్నారు. చూసి చెబుతాం అనగానే మళ్లీ మౌనంగా సెల్లుకు వెళ్లిపోయారు. డబ్బు వద్దనుకున్న మనిషిని అక్కడ పట్టి ఉంచే కారణం కాగితం మీద ఏదీ మిగల్లేదు. అయినా ఒక్కరూ "నేను పోతున్నా" అని బయటికి నడవలేదు.

మీ డిజైన్‌కు కూడా ఇదే పరీక్ష పెట్టి, ఒక పేరాలో జవాబు రాసుకోండి. తర్వాతి అడుగులన్నీ ఆ పేరా మీదే నడుస్తాయి.

2. ఎక్కడ ఆపితే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుందో వెతకండి

బర్గర్ అప్లికేషన్ గట్టెక్కడానికి మూలం ఇదే. ఆయన మిల్‌గ్రామ్ పాత లెక్కలు ముందేసుకుని చూశారు. లెర్నర్ మొదటిసారి గట్టిగా "నన్ను బయటికి పంపండి" అని అరిచేది 150 వోల్టుల దగ్గర. ఆ రూపంలోని ప్రయోగంలో 40 మందిలో 33 మంది ఆ గీత దాటారు. దాటిన 33 మందిలో 26 మంది 450 దాకా వెళ్లారు. అంటే 150 దగ్గర మనిషి ఏం చేస్తాడో తెలిస్తే చివరికి ఏం చేస్తాడో చాలావరకు ఊహించొచ్చు. అయితే మిగతా 20 స్విచ్చుల బాధ ఎందుకు పెట్టాలి?

అందుకే బర్గర్ 150 దగ్గరే ఆపారు. తర్వాతి ప్రశ్న చదవబోతుంటే చాలు, ప్రయోగం అయిపోయినట్టే. ఆయన ప్రధాన ప్రయోగంలో 40 మందిలో 28 మంది కొనసాగించబోయారు, అంటే 70 శాతం. మిల్‌గ్రామ్ 33 మందితో పోల్చడానికి అది సరిపోయింది. నమ్మకం కలగడానికి మొదట్లో టీచర్‌కే రుచి చూపించే ఒక్క నిజం షాకును కూడా మిల్‌గ్రామ్ ఇచ్చిన 45 వోల్టుల నుంచి 15కి తగ్గించారు.

మీ ప్రయోగంలో షాకులు ఉండకపోవచ్చు. అయినా దశలవారీగా ఒత్తిడి పెరిగే ఏ ప్రయోగానికైనా ఒక మలుపు ఉంటుంది. దాన్ని పాత డేటాతోనో చిన్న పైలట్‌తోనో చూపించి, "ఇక్కడ ఆపితే ఇంత తెలుస్తుంది, ఇంకా ముందుకెళ్తే అదనంగా తెలిసేది ఇంతే" అని రాయండి.

హద్దు కూడా నిజాయితీగా ఒప్పుకోండి. 150 దగ్గర ఆగిన ప్రయోగం 150 దాకా జరిగేదే చెబుతుంది. ఆ తర్వాతిది అంచనా మాత్రమే. ఈ మాట మీరే రాస్తే కమిటీకి మీ మీద నమ్మకం పెరుగుతుంది. వాళ్లు అడిగాక రాస్తే తప్పించుకుంటున్నట్టు కనిపిస్తుంది.

3. మోసం ఎందుకు తప్పదో చెప్పండి, తప్పితే మానేయండి

అమెరికా ఫెడరల్ నియమాల ప్రకారం పరిశోధన గురించిన ముఖ్య విషయాలను ముందే చెప్పకుండా సమ్మతి తీసుకోవాలంటే కమిటీ కొన్ని షరతులు చూడాలి. రిస్కు రోజువారీ జీవితంలోనో మామూలు పరీక్షల్లోనో ఎదురయ్యేదాన్ని మించకూడదు. అలా దాచకుండా పరిశోధన ఆచరణలో సాధ్యం కాకూడదు. పాల్గొనేవాళ్ల హక్కులకు, క్షేమానికి చెరుపు రాకూడదు. తగిన చోట, అయిపోయాక నిజం చెప్పాలి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమావళి ఇంకో గీత గీస్తుంది: శారీరక నొప్పి గానీ తీవ్రమైన మానసిక బాధ గానీ కలిగించవచ్చని ముందే అనిపించే పరిశోధన విషయంలో మనుషుల్ని మోసం చేయకూడదు.

ఈ చివరి మాట దగ్గరే మిల్‌గ్రామ్ అసలు రూపం ఇరుక్కుపోతుంది. ఆయన ముందుగా 14 మంది యేల్ విద్యార్థుల్ని అడిగితే, నూటికి ఒకరో ఇద్దరో తప్ప చివరిదాకా వెళ్లరని వాళ్లు అంచనా వేశారు. కాబట్టి ఇంత బాధ ఉంటుందని నాకు తెలియదు అని ఆయన చెప్పుకోవచ్చు. మీరు చెప్పుకోలేరు. ఆయన 1963 పత్రంలోనే చెమటలు, వణుకు, నత్తి, పెదాలు కొరుక్కోవడం, గోళ్లు చర్మంలో గుచ్చుకోవడం అన్నీ ఉన్నాయి. 40 మందిలో 14 మంది ఆపుకోలేని నవ్వులో పడ్డారు, ముగ్గురికి ఏకంగా ఫిట్స్ లాంటివి వచ్చాయి. అది చదివిన ఏ కమిటీ అయినా "ఇది ముందే అనిపించేదే కదా" అంటుంది.

మోసం లేకుండా చేసే దారులు కూడా వెతికామని చూపించండి. 2006లోనే మెల్ స్లేటర్ బృందం లండన్‌లో షాకులు తినే మనిషి స్థానంలో కంప్యూటర్ గీసిన మహిళను పెట్టింది. ఆమె నిజం కాదని పాల్గొన్న 34 మందికీ తెలుసు. అయినా ఆమెను చూస్తూ, వింటూ ఉన్నవాళ్ల శరీరాల్లో టెన్షన్ కొలతకు దొరికింది, కొందరు ముందే ఆపేశారు. మీ ప్రశ్నకు ఈ దారి సరిపోతే అదే ఎంచుకోండి. మోసాన్ని సమర్థించుకునే నాలుగు పేజీలు మిగులుతాయి, డీబ్రీఫింగ్ కూడా తేలికవుతుంది. సరిపోకపోతే ఎందుకు సరిపోదో రాయండి. "నిజమైన స్పందన రాదు" అని ఒక్క వాక్యంతో వదిలేస్తే తిరిగి వస్తుంది. ఏ కొలత రాదో చెప్పాలి.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. మిల్‌గ్రామ్ తర్వాత పంపిన ప్రశ్నావళికి జవాబిచ్చినవాళ్లలో 84 శాతం మంది పాల్గొన్నందుకు సంతోషమే అన్నారు. దీన్ని చాలామంది రక్షణగా వాడతారు, వాడకండి. తర్వాత కలిగిన సంతోషం ముందు తీసుకోని అనుమతికి బదులు కాదు. సైకాలజిస్టు డయానా బామ్రిండ్ 1964లోనే మిల్‌గ్రామ్ పనిని గట్టిగా తప్పుపట్టారు. ఎవరినీ అడగకుండా ఒక మనిషికి తన గురించి తాను మింగలేని నిజం చూపించే హక్కు మీకెక్కడిది అనేదే మీరు జవాబు చెప్పాల్సిన ప్రశ్న. ఆ అంకె దానికి జవాబివ్వదు.

4. ఎవరిని రానివ్వకూడదో ముందే తేల్చండి

బర్గర్ రెండు అంచెల్లో వడపోశారు. మొదటిది ఫోన్‌లో. రెండోది ప్రశ్నావళులతో పాటు క్లినికల్ సైకాలజిస్టు ముఖాముఖి. ఆ రెండో అంచెకు వచ్చినవాళ్లలోనే మూడో వంతుకు పైగా మందిని వెనక్కి పంపారు. కోత పెద్దదే. దాని వల్ల ఫలితాలు అందరికీ వర్తిస్తాయా అన్న అనుమానమూ మిగులుతుంది. అయినా మనుషులు దెబ్బతినడం కంటే ఆ అనుమానంతో బతకడమే మేలు.

స్టాన్‌ఫర్డ్‌లో కూడా వడపోత జరిగింది. 70 మందికి పైగా దరఖాస్తు చేస్తే, పరీక్షలు పెట్టి మానసికంగా స్థిరంగా ఉన్న 24 మందిని ఎంచుకున్నారు. అయినా ఐదుగురు ఖైదీల్ని ముందే వదలాల్సి వచ్చింది. కాబట్టి వడపోత ఒక్కటే రాసి ఊరుకోకండి. అది తలుపు దగ్గరి కాపలా మాత్రమే. లోపల జరిగేదానికి వేరే కాపలా కావాలి, దాని సంగతి ఆరో అడుగులో వస్తుంది.

మీ క్లాసులో మీరు మార్కులు వేసే విద్యార్థుల్ని ఈ ప్రయోగానికి పిలవకండి. అధికారానికి లొంగడాన్ని కొలిచే ప్రయోగంలో మీ అధికారం ముందే గదిలో కూర్చుంటే, నైతికంగానే కాదు, కొలతగా కూడా అది చెడిపోయినట్టే.

5. సమ్మతి పత్రంలో వెళ్లిపోయే వాక్యాన్ని విడిగా రాయండి

స్టాన్‌ఫర్డ్ సమ్మతి పత్రంలో ఉన్నది ఇంచుమించు ఇది: పూర్తి కాలం పాల్గొనాలి. వైద్య సలహాదారులు సరేనన్న ఆరోగ్య కారణాల మీద గానీ, ప్రధాన పరిశోధకుడు తగినవనుకున్న వేరే కారణాల మీద గానీ మాత్రమే విడుదల ఉంటుంది. సంతకాలు ఉన్నాయి, కాగితం ఉంది, యూనివర్సిటీ కమిటీ ఆమోదం కూడా ఉంది. కానీ ఆ వాక్యం మళ్లీ చదవండి. బయటికి వెళ్లే తాళంచెవి వెళ్లాలనుకునే మనిషి చేతిలో లేదు. ప్రయోగం సాగితే లాభపడే మనిషి చేతిలో ఉంది. ఇళ్ల దగ్గర నిజమైన పోలీసులు వచ్చి అరెస్టు చేస్తారని కూడా ఖైదీలకు ముందు చెప్పలేదు.

ఇప్పుడు పనికిరాని వాక్యం, పనికొచ్చే వాక్యం పక్కపక్కన చూడండి.

పనికిరానిది: "పాల్గొనేవారు తగిన కారణం తెలిపి, పరిశోధకుడి అనుమతితో అధ్యయనం నుంచి వైదొలగవచ్చు."

పనికొచ్చేది: "మీరు ఎప్పుడైనా ఆపేయొచ్చు. కారణం చెప్పక్కర్లేదు. ఆపినా 50 డాలర్లూ మీవే. 'ఆపేస్తున్నా' అని చెప్పినా సరే, లేచి వెళ్లిపోయినా సరే."

50 డాలర్లు అన్నది బర్గర్ ఇచ్చిన మొత్తం. ఆయన ప్రయోగంలో ఎప్పుడైనా మానేయొచ్చు, డబ్బు ఉంచుకోవచ్చు అని కనీసం మూడుసార్లు చెప్పారు. అందులో రెండుసార్లు రాతపూర్వకంగా. మీరూ ఆ లెక్కే పెట్టుకోండి. ఒక్కసారి చెప్పింది సంతకాల హడావిడిలో చెవికెక్కదు.

2018 సవరణల తర్వాత అమెరికా నియమాలు సమ్మతి పత్రం మొదట్లోనే ముఖ్య సమాచారం క్లుప్తంగా ఉండాలంటున్నాయి. ఈ వాక్యాన్ని అక్కడే పెట్టండి, ఏడో పేజీలో కాదు. కమిటీలో కనీసం ఐదుగురు ఉండాలి. వాళ్లలో కనీసం ఒకరు శాస్త్ర రంగానికి చెందనివాళ్లు, కనీసం ఒకరు ఆ సంస్థతో సంబంధం లేనివాళ్లు అయి ఉండాలి. మీ పత్రం వాళ్లకు అర్థం కాకపోతే పాల్గొనేవాళ్లకు కూడా అర్థం కాదు.

ఫలితం చూసుకునే పద్ధతి: సైకాలజీతో సంబంధం లేని ఒకరికి పత్రం ఇచ్చి ఒకసారి చదవమనండి. కాగితం వెనక్కి తీసుకుని మూడు ప్రశ్నలు అడగండి. మధ్యలో పోవచ్చా? పోతే డబ్బు ఏమవుతుంది? పోవాలంటే ఏం చేయాలి? మూడింట్లో దేనికి తడబడినా తప్పు వాళ్లది కాదు, మీ వాక్యానిది. మళ్లీ రాయండి.

6. ఆపే అధికారం ఎవరి దగ్గర ఉందో పేరు పెట్టి రాయండి

అప్లికేషన్లలో నేను అన్నిటికంటే బలహీనంగా చూసే చోటు ఇదే. "పాల్గొనేవారికి ఇబ్బంది కలిగితే పరిశోధకుడు ఆపివేస్తాడు" అని రాసి దాటేస్తారు. జింబార్డో కూడా అదే అనుకున్నారు. కానీ ఆయన ఒకే సమయంలో ప్రధాన పరిశోధకుడు, జైలు సూపరింటెండెంట్. ఖైదీ ఏడుస్తున్నప్పుడు సూపరింటెండెంట్‌కు జైలు క్రమశిక్షణ గుర్తొచ్చింది, మనిషి గుర్తు రాలేదు. అప్పుడే డాక్టరేట్ ముగించిన క్రిస్టినా మాస్లాక్ బయటి నుంచి వచ్చి చూసి, ఈ కుర్రాళ్లను మీరు ఏం చేస్తున్నారు అని నిలదీశాకే ఆయన ఆపారు. ఆమె రాకపోతే ఏమయ్యేదన్న ప్రశ్నకు ఆ డిజైన్‌లో జవాబు లేదు.

ఇదే ప్రశ్న మీద 2001లో స్టీఫెన్ రైకర్, అలెక్స్ హాస్లమ్ బ్రిటన్‌లో చేసిన బీబీసీ జైలు అధ్యయనం చూడండి. క్లినికల్ సైకాలజిస్టులు పాల్గొనేవాళ్లను గమనిస్తూ ఉన్నారు. పారామెడిక్ అందుబాటులో ఉన్నాడు. పరిశోధకులతో సంబంధం లేని ఎథిక్స్ కమిటీకి ఎప్పుడైనా ఆపే అధికారం ఉంది. పరిశోధకులు తమకు తాము జైలు పదవులు ఇచ్చుకోలేదు. పది రోజులు అనుకున్నది ఎనిమిదో రోజుకే ముగిసింది. ముందే ముగించాల్సి వస్తే ప్రయోగం విఫలమైందని కాదు, ఆపే ఏర్పాటు పనిచేసిందని.

మీ ఫారంలో నాలుగు సంగతులు ఉండాలి. చూసేదెవరు, ఎక్కడి నుంచి చూస్తారు, ఏం కనిపిస్తే ఆపుతారు, ఎవరినీ అడక్కుండా ఆపగలరా. మూడోదాని దగ్గర "అధిక ఒత్తిడి" అని రాయకండి, కంటికి కనిపించేవి రాయండి: ఏడుపు, చేతుల వణుకు, మాట తడబాటు, ఆపుకోలేని నవ్వు, ఊపిరి వేగం. బర్గర్ ఇంకో మెట్టు ఎక్కి, ప్రయోగం నడిపే వ్యక్తిగా క్లినికల్ సైకాలజిస్టునే పెట్టారు. ఒత్తిడి ఎక్కువైన సూచన కనిపిస్తే అక్కడికక్కడే ఆపమన్నారు. మీకు అది కుదరకపోతే, ప్రయోగం నడిపే మనిషి ఒకరు, ఆపే మనిషి ఇంకొకరు కావాలి. రెండు కుర్చీల్లోనూ ఒక్కరే కూర్చోకూడదు.

7. ఒత్తిడి పెట్టే మాటలను ఒక్కొక్కటీ తూకం వేయండి

చిక్కు ఇక్కడుంది. "ఎప్పుడైనా వెళ్లొచ్చు" అని ఒక చేత్తో కాగితం ఇచ్చి, "మీకు వేరే దారి లేదు" అని ఇంకో చేత్తో ఆపితే ఆ కాగితం అబద్ధమవుతుంది. మరి ఒత్తిడి పెట్టకపోతే ప్రయోగమే లేదు.

నా సలహా: నాలుగో మాట తీసేయండి. బర్గర్ బృందం 2011లో తమ రికార్డులు మళ్లీ చూస్తే, మాట ఆజ్ఞలా మారేకొద్దీ వినేవాళ్లు తగ్గారు. నాలుగో మాట దాకా వచ్చిన ఒక్కరు కూడా ఆ తర్వాత కొనసాగించలేదు. కాబట్టి అది తీసేస్తే మీరు పోగొట్టుకునే డేటా చాలా తక్కువ, తగ్గే హాని ఎక్కువ. ఇదే వాదన అప్లికేషన్‌లో రాయండి.

మిగతా మూడింటికీ లెక్క పెట్టండి. ఒక్కోటి ఒక్కసారే. మూడూ అయ్యాక కాదంటే అయిపోయినట్టే. "ఆపేస్తున్నా" అన్న మాట నేరుగా వస్తే ఒక్కటి కూడా వాడకూడదు. తటపటాయిస్తే మాత్రమే వాడాలి. ఈ తేడా స్క్రిప్టులో లేకపోతే నడిపే వ్యక్తి తన తెలివి వాడతాడు. యేల్ టేపుల్లో వినిపించింది అదే.

రిహార్సల్ ఇక్కడే చేయండి. సహోద్యోగిని కుర్చీలో కూర్చోబెట్టి రకరకాలుగా కాదనమనండి. మనుషులు "వద్దు" అని నేరుగా చెప్పడం తక్కువ. యేల్‌లో కొందరు "ఆయనకేమైనా అయితే బాధ్యత ఎవరిది?" అని అడిగారు. బాధ్యత నాది అన్న జవాబు రాగానే మళ్లీ స్విచ్ మీద చెయ్యి వేశారు. కుర్చీలో ఉన్నవాళ్లు ఒకసారి అలా అడగాలి, ఒకసారి కుర్చీ వెనక్కి జరపాలి, ఒకసారి ఊరికే మౌనంగా ఉండిపోవాలి. నడిపే వ్యక్తి ప్రతిసారీ స్క్రిప్టు ప్రకారమే చేస్తున్నాడా, ఎక్కడైనా సొంత మాట కలుపుతున్నాడా అని మీరు పక్కనుంచి రాసుకోండి. కలిపిన ప్రతి మాట దగ్గరా స్క్రిప్టులో ఖాళీ ఉన్నట్టు.

8. డీబ్రీఫింగ్‌ను గడియారంతో కొలవండి

యేల్‌లో చాలామందికి ఆ రోజు పూర్తి నిజం తెలియలేదు. లెర్నర్ బాగానే ఉన్నాడని చూపించి, షాకులు మీరనుకున్నంత గట్టివి కావని చెప్పి ఇంటికి పంపారు. అసలు షాకులే లేవన్న సంగతి తర్వాత పోస్టులో వచ్చిన నివేదికతో తెలిసింది. మధ్యలో ఆ మనుషులు, ఒక మనిషికి కావాలని కరెంటు షాకులిచ్చాం అనుకుంటూ బతికారు.

బర్గర్ ప్రయోగం ముగిసిన కొన్ని సెకన్లలోనే షాకులు అబద్ధమని చెప్పి, లెర్నర్‌ను గదిలోకి తెచ్చి కలిపారు. మీ పాఠంలోనూ వరస అదే ఉండాలి. మొదటి వాక్యం "ఎవరికీ ఏమీ కాలేదు". రెండోది "అతను మా మనిషి". మూడోది ఎందుకు దాచామో. సిద్ధాంతం ఆ తర్వాత.

కొనసాగించినవాళ్లకు, ఆగినవాళ్లకు వేరువేరు పాఠాలు రాయండి. కొనసాగించిన మనిషికి మోసం బయటపడటం కంటే, తాను ఏం చేయబోయాడో తెలియడమే పెద్ద దెబ్బ. "చాలామంది మీలాగే చేశారు" అన్నది నిజం, అది చెప్పండి. "దాని గురించి ఆలోచించకండి" అని మాత్రం అనకండి.

నిజం తెలిశాక "నా డేటా తీసేయండి" అనే అవకాశం ఇవ్వడం మర్చిపోకండి. అసోసియేషన్ నియమావళి దాన్ని అడుగుతుంది. మొదట తీసుకున్న సమ్మతి అబద్ధం మీద నిలబడింది కాబట్టి, నిజమైన సమ్మతి ఇప్పుడు అడుగుతున్నారు. కౌన్సెలింగ్ ఫోన్ నంబరు ఒక్కటి చేతిలో పెట్టి పంపేయడం సరిపోదు. కొన్ని రోజుల తర్వాత మీరే ఫోన్ చేసే ఏర్పాటు ఉండాలి. ఆ ఫోన్‌లో ఏం అడుగుతారో కూడా రాసి జతచేయండి.

9. అనుమతి వచ్చాక

స్టాన్‌ఫర్డ్ ప్రయోగానికి అనుమతి ఉందని పైన చెప్పాను. అనుమతించిన కాగితానికీ బేస్‌మెంట్‌లో జరిగినదానికీ మధ్య ఉన్న దూరాన్ని రోజూ ఎవరూ కొలవలేదు. ఇవాళ కమిటీలు దీన్ని రెండు రకాలుగా పట్టుకుంటాయి. మీరు ఏం మార్చినా, ఒత్తిడి పెట్టే మాటల్లో ఒక్క పదం మార్చినా, అమలు చేయకముందే సవరణ పంపాలి. దానికి ఒకే మినహాయింపు ఉంది: పాల్గొనేవాళ్లకు అప్పటికప్పుడు ప్రమాదం ఉంటే ముందు ఆపి, తర్వాత చెప్పొచ్చు. రెండోది, అనుకోనిది ఏదైనా జరిగితే కమిటీకి తెలియజేయాలి.

మొదటి ఐదుగురు అయ్యాక ఒకసారి ఆగి రికార్డింగులు వినండి. ఆపాలన్న సూచన వచ్చిన క్షణానికీ నిజంగా ఆగిన క్షణానికీ మధ్య ఎన్ని సెకన్లో రాసుకోండి. ఆ గ్యాప్ ఒక్కో మనిషితో పెరుగుతోందంటే, నడిపే వ్యక్తి అలవాటు పడిపోతున్నాడని అర్థం. ఆరో మనిషిని పిలవకముందే ఆ కుర్చీలో వేరేవాళ్లను కూర్చోబెట్టి, సవరణ ఫారం కమిటీకి పంపండి.